బేస్‌కి ఎకో పెడితే అంతా బురద అవుతోంది. మెటల్ బాక్స్‌లో ఎందుకు అవ్వలేదు?

మూడోతీగ
నెల రోజులుగా ఒకే పాట మీద కూర్చున్నాను. మాది ముగ్గురి బ్యాండ్, నేను బేస్ వాయిస్తాను. పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్ వాళ్ల మెటల్ బాక్స్, స్లిట్స్ వాళ్ల కట్, ఈ రెండు ఆల్బమ్‌లే తిప్పి తిప్పి వింటున్నాను. రెండూ 1979వే. ఆ బేస్ పొట్టలో తగులుతుంది. గిటారూ గొంతూ ఎక్కడో దూరంగా తేలుతుంటాయి. ఎకో ఒక్కసారి లేచి మాయమైపోతుంది.

మాకూ అలాగే కావాలని బేస్ బాగా పెంచాను. బేస్, డ్రమ్స్, గిటార్, గొంతు అన్నిటి మీదా డిలే ప్లగిన్ వేశాను. పాట వేగం 75 బీపీఎం. డిలే 500 మిల్లీసెకన్లు, అంటే ప్లగిన్ తెరవగానే ఉన్న అంకెనే అలా ఉంచేశాను. వచ్చిందంతా బురద. ఏ స్వరం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. బేస్ తగ్గిస్తే బురద పోతుంది, దాంతోపాటు పాట కూడా పోతుంది. వాళ్లేం చేశారు? నేనేం చేయడం లేదు?

వైజాగ్_వేణు
కంప్రెసర్ పెట్టు బ్రో. బేస్ ఒకే మట్టంలో ఉంటే సగం బురద పోతుంది. ఇంకోటి, ఈ పంక్ బ్యాండ్‌ల డబ్ అంతా జమైకా ప్రొడ్యూసర్ లీ పెర్రీ నేర్పిందే. లండన్ పంక్ బ్యాండ్ క్లాష్ వాళ్ల కంప్లీట్ కంట్రోల్ పాటని పెర్రీనే ప్రొడ్యూస్ చేశాడు, 1977లో. అక్కడి నుంచి మొదలుపెట్టి విను.

పద్మజ_కె
డబ్ అంటే డబ్బింగే కదా? మా తమ్ముడు సీరియళ్లకి డబ్బింగ్ చెబుతాడు. వాళ్ల గదిలో గోడలన్నిటికీ స్పాంజి కొట్టి ఉంటుంది, ఎకో అన్నదే రాదు. మీ గదికి కూడా అలా కొట్టించి చూడండి.

మూడోతీగ
పద్మజగారూ, ఇది వేరే డబ్ అండీ. జమైకాలో పుట్టిన మిక్సింగ్ పద్ధతి. రికార్డయిన పాటలోంచి గొంతు తీసేసి, డ్రమ్సూ బేసూ మిగిల్చి, మిగతావి ముక్కలు ముక్కలుగా ఎకోలో వదులుతారు. స్పాంజి సలహా మాత్రం వేరే పనికి గుర్తు పెట్టుకుంటాను, మా గదిలో నిజంగానే శబ్దం తిరుగుతోంది.

టేపుచుట్ట
ముందు ఒక్క మాట చెప్పు బాబూ. బేస్‌కి ఎకో పెట్టమని ఎవరు చెప్పారు నీకు?

మూడోతీగ
ఎవరూ చెప్పలేదు సార్. డబ్ అంటే ఎకో, డబ్ అంటే బేస్, కాబట్టి బేస్ మీద ఎకో అనుకున్నాను.

టేపుచుట్ట
నీ తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి. నేను మద్రాసులో ఒక రికార్డింగ్ థియేటర్‌లో పదమూడేళ్లు టేపు మెషీన్ల దగ్గర పనిచేశాను. ఈ డబ్‌కి తల్లి లాంటి జమైకా సంగీతం, రెగే సంగతి నాకు తర్వాతెప్పుడో మా అబ్బాయి ద్వారా తెలిసింది. వినగానే మిక్స్ చేసిన మనిషి చేతులు ఎక్కడున్నాయో కళ్లకు కట్టింది.

ఆ మనిషి కింగ్ టబ్బీ. జమైకాలో కింగ్‌స్టన్, అక్కడ వాటర్‌హౌస్ అనే పేట. వృత్తి రేడియోలు, ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేయడం. ఆయన దగ్గరికి పాట నాలుగు ట్రాకుల టేపు మీద వచ్చేది. నాలుగంటే నాలుగే. సాధారణంగా డ్రమ్స్ ఒక దాని మీద, బేస్ ఒక దాని మీద, గిటారూ కీబోర్డూ కలిపి ఒక దాని మీద, గొంతో బూరాలో ఇంకో దాని మీద. అంటే ఆయన వేళ్ల కింద నాలుగు ఫేడర్లు. బేస్ ఫేడర్ లేపాడంటే అది మామూలు బేసే. తడి లేదు, ఎకో లేదు. నేల అది. నేలను ఊపితే దాని మీద ఏదీ నిలబడదు.

ఎకోలోకి వెళ్లేవి పైన ఉన్నవి. అవి కూడా పాటంతా వెళ్లవు. గొంతులో ఒక మాట చివర, గిటార్ ఒక్క గీత, స్నేర్ ఒక్క దెబ్బ. ఆ క్షణానికి ఎకోలోకి పంపే సెండ్ నాబ్ తిప్పి, వెంటనే మూసేస్తాడు. ఆ ముక్క ఎకోలో తిరుగుతూ ఉంటుంది, అసలు ట్రాక్ అప్పటికే తీసేసి ఉంటాడు. నువ్వు విన్నది "లేచి మాయమయ్యేది" అదే. నువ్వేమో నాలుగు కుళాయిలూ తిప్పి వదిలేశావు.

మూడోతీగ
అంటే ప్లగిన్‌ని ట్రాక్ మీద పెట్టకూడదా?

టేపుచుట్ట
పెట్టకు. డిలేని విడిగా ఒక చానెల్‌లో ఉంచు, దాన్ని 100 శాతం తడి చెయ్యి, అంటే అసలు శబ్దం రాకుండా ఎకో ఒక్కటే బయటికి రావాలి. ప్రతి ట్రాక్ నుంచి దానికి ఒక సెండ్ ఇచ్చి, అన్నీ సున్నాలో పెట్టు. బేస్‌కి సెండే ఇవ్వకు. పాట నడుస్తుండగా చేత్తో లేపు, దించు. మౌస్ కన్నా నాబులున్న చిన్న కంట్రోలర్ ఏదైనా ఉంటే మంచిది. తప్పొస్తే మళ్లీ మొదటి నుంచి. వాళ్లకి ఆటోమేషన్ లేదు, ప్రతి డబ్ మిక్సూ ఒక కచేరీ లాంటిదే.

కరీంనగర్_సౌండ్స్
పెద్దాయన చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. నేను పెండ్లిళ్లకు, ఊరేగింపులకు బాక్సులు పెడ్త. ఫంక్షన్ హాల్ల ఎవరన్న పిల్లగాడు మిక్సర్ ముట్టి మొత్తానికే ఎకో వెట్టిండనుకో, కిందికెల్లి గుడగుడ తప్ప ఏం ఇనరాదు. మైకుకు వెట్టుకో, బేసుకు వద్దు. లెక్క కూడ జెప్త. బేస్ గిటారు లావు తీగ ఖాళీగ కొడితే 41 హెర్ట్జ్ వస్తది. అదే తీగ మూడో కట్టు మీద 49. నువ్వు మొదటిది కొట్టినవ్, దాని ఎకో వచ్చేసరికి రెండోది కొట్టినవ్. రెండూ ఒక్కసారి మోగినయ్. తేడా ఎనిమిది. సెకనుకు ఎనిమిది సార్లు లేస్తది, పడ్తది. గదే నీ బురద. పైన స్వరాలకైతే గంత తిప్పలుండదు, చెవి రెంటినీ విడదీసుకుంటది.

వైజాగ్_వేణు
సరే, బేస్ మీద ఎకో వద్దన్న మాట ఒప్పుకుంటాను. కానీ పెర్రీ మాట వదలను. కంప్లీట్ కంట్రోల్ పంక్-డబ్‌కి మొదటి మెట్టు.

లూటన్_లావణ్య
వేణూ, అది సగమే నిజం. పెర్రీ ప్రొడ్యూస్ చేసిన మాట నిజమే. కానీ తర్వాత బ్యాండ్ వాళ్లే కూర్చుని గిటార్లు ముందుకు తెచ్చి, ఎకో తగ్గించేశారు. వింటే అది పూర్తిగా రాక్ పాటే. మిక్సింగ్ బల్ల దగ్గర పెర్రీ ఉన్నంత మాత్రాన డబ్ రాదు. పాట అమరికలో ఖాళీ ఉండాలి, గిటార్ గోడలా నిలబడితే ఎకో ఎక్కడికి పోతుంది?

క్లాష్‌లో చూడాలంటే అదే ఏడాది మొదటి ఆల్బమ్‌లో పోలీస్ అండ్ థీవ్స్ చూడు. జూనియర్ మర్విన్ అసలు పాటను 1976లో పెర్రీనే చేశాడు. రెండు నిమిషాల పాటల మధ్య క్లాష్ వాళ్లది ఆరు నిమిషాలు సాగుతుంది. రెగేని అచ్చు దించాలని ప్రయత్నించలేదు, తమ గట్టి చేత్తోనే వాయించారు. కానీ గిటార్ ఆగి ఆగి వస్తుంది, సందు దొరుకుతుంది.

అనంతపురం_ఆర్
అసలు పంక్ కుర్రాళ్లకి రెగే ఎలా తగిలింది? రెండూ ఉత్తర దక్షిణాలు కదా. ఒకటి పరుగు, ఒకటి నిదానం.

లూటన్_లావణ్య
లండన్‌లో రాక్సీ అని ఒక క్లబ్, 1976 చివర తెరిచారు. అక్కడ రికార్డులు వేసేవాడు డాన్ లెట్స్, జమైకా నుంచి వచ్చిన కుటుంబంలో లండన్‌లోనే పుట్టినవాడు. బ్యాండ్‌కీ బ్యాండ్‌కీ మధ్య వేయడానికి అప్పటికి పంక్ రికార్డులు గుప్పెడు కూడా లేవు. ఇంట్లో ఉన్న రెగే, డబ్ రికార్డులే తెచ్చి వేశాడు. కుర్రాళ్లు బీరు పట్టుకుని రాత్రంతా అవే విన్నారు. సెక్స్ పిస్టల్స్ గాయకుడు జానీ రాటన్‌కి రెగే పిచ్చి ముందే ఉంది. 1977 జులైలో క్యాపిటల్ రేడియోలో కూర్చోబెట్టి నీకు నచ్చినవి వేయమంటే రెగే కూడా చాలానే వేశాడు. బ్యాండ్ విడిపోయాక, 1978 మొదట్లో, రికార్డు కంపెనీ అతన్ని జమైకాకి పంపింది, లెట్స్ కూడా వెంట వెళ్లాడు. అదే ఏడాది పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్ పెట్టాడు, బేస్‌కి స్నేహితుడు జా వాబుల్‌ని తీసుకున్నాడు.

మృదంగం_మోహన్
నాకు బేస్ గిటార్ తెలియదు, కానీ రెగే వింటే ఒకటి అనిపిస్తుంది. సమం మీద ఎవరూ ఉండరు. మన అనాగత ఎత్తుగడ లాంటిదేనా ఇది? తాళం పడ్డాక సాహిత్యం మొదలవుతుందే, అలా.

టేపుచుట్ట
దగ్గరగా వచ్చారు మోహన్‌గారూ, కానీ అదే కాదు. అనాగతంలో ఎత్తుగడ జరుగుతుంది, తాళం మాత్రం సమాన్ని చూపిస్తూనే ఉంటుంది. రెగేలో వన్ డ్రాప్ అనే నడకలో నాలుగు దెబ్బల లెక్క వేస్తే, మొదటి దెబ్బ మీద కిక్ డ్రమ్మే ఉండదు. కిక్కూ స్నేరూ కలిసి మూడో దెబ్బ మీద పడతాయి. బేస్ కూడా తరచూ మొదటి దెబ్బ వదిలేస్తుంది. వినేవాడు ఆ దెబ్బని తన ఒంట్లో వేసుకోవాలి.

మృదంగం_మోహన్
అర్థమైంది. క్రియ లేకుండా తాళం నడిపించడం. అది కష్టం!

లూటన్_లావణ్య
మూడోతీగ, నీకొక పని చెబుతాను. స్లిట్స్ వాళ్ల న్యూ టౌన్ పాట రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి 1977 సెప్టెంబర్‌లో జాన్ పీల్ రేడియో కార్యక్రమం కోసం వాయించింది. రెండోది 1979లో కట్ ఆల్బమ్‌లోది. పక్కపక్కన పెట్టి విను.

మొదటి దాంట్లో అందరూ ఒకేసారి మీద పడతారు. గిటార్ ఆపకుండా గీకుతుంది, డ్రమ్స్ ఉరుముతాయి, బేస్ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆవేశం చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది, కానీ చోటు లేదు. రెండో దానికి ప్రొడ్యూసర్ డెనిస్ బొవెల్. బార్బడోస్‌లో పుట్టి, పన్నెండేళ్లకి లండన్ వచ్చినవాడు. మటుంబి అనే రెగే బ్యాండ్‌లో గిటారిస్టు, సొంత సౌండ్ సిస్టమ్ నడిపినవాడు. ఆయన స్లిట్స్ అమ్మాయిల్ని రెగే బ్యాండ్‌గా మార్చలేదు, ఉన్నదాన్నే విడదీశాడు. టెసా పాలిట్ బేస్ మధ్యలోకి వచ్చి కూర్చుంది. గిటార్ చిన్న చిన్న గీతలైంది. డ్రమ్స్‌కి బడ్జీ వచ్చాడు.

అప్పుడు ఖాళీ దొరికింది. ఆ ఖాళీలో బొవెల్ ఏం పెట్టాడో తెలుసా? అగ్గిపెట్టె ఊపిన చప్పుడు, పుల్ల గీసిన చప్పుడు, చెంచా కింద పడిన చప్పుడు. పాట మత్తుకి అలవాటు పడ్డ మనుషుల గురించి కాబట్టి ఆ వస్తువులే తాళవాద్యాలయ్యాయి. బేస్ పొడిగా ఉంది కనుకే చెంచా పడితే వినిపిస్తోంది.

మూడోతీగ
ఇప్పుడే రెండూ విన్నాను లావణ్యక్కా. ఇన్నిసార్లు విన్నాను, ఆ చెంచాని సింబల్ అనుకున్నాను!! ఇంకొకటి గమనించాను. బేస్ పెద్దగా ఉన్నట్టు అనిపిస్తోంది కానీ మీటర్‌లో చూస్తే మా పాట కంటే ఎక్కువేం లేదు.

టేపుచుట్ట
పైన ఎవరూ దాని చోటు ఆక్రమించలేదు కాబట్టి. నీ గిటార్ ట్రాక్‌లో 200 హెర్ట్జ్ కింద ఏముందో ఒంటరిగా విని చూడు, అంతా గుబగుబే ఉంటుంది. కోసెయ్. మెటల్ బాక్స్‌లో కీత్ లెవీన్ గిటార్ ఎంత సన్నగా, గాజు గీసినట్టు ఉంటుందో చూశావా? అది అంత సన్నగా ఉండబట్టే వాబుల్ అంత లావుగా ఉన్నాడు.

కోనసీమ_క్యాసెట్
మెటల్ బాక్స్ పేరు వచ్చింది కాబట్టి. అది నిజంగానే రేకు డబ్బా. సినిమా రీలు పెట్టుకునే లాంటి గుండ్రటి డబ్బాలో మూడు 12 అంగుళాల రికార్డులు. అవీ నిమిషానికి 45 చుట్ల వేగంతో తిరిగేవి. మొత్తం గంట పాట, అంటే ఒక్కో వైపు దాదాపు పది నిమిషాలు. బేస్ గట్టిగా ఉంటే రికార్డు మీద గాడి అటూ ఇటూ వెడల్పుగా ఊగుతుంది, చోటు ఎక్కువ తింటుంది. ఒక వైపు తక్కువ నిమిషాలే ఉంటే ఆ చోటు ఇవ్వొచ్చు. జమైకా వాళ్లు 12 అంగుళాల సింగిళ్లు అందుకే కొట్టేవాళ్లు. 1980లో ఇదే ఆల్బమ్‌ని సెకండ్ ఎడిషన్ పేరుతో రెండు మామూలు ఎల్పీలుగా వేశారు. డబ్బాలోంచి రికార్డు తీయాలంటే మాత్రం నరకం, గోళ్లు దిగవు, గీతలు పడతాయి.

వైజాగ్_వేణు
జాయ్ డివిజన్ గురించి ఎవరూ మాట్లాడటం లేదేం? అన్‌నోన్ ప్లెజర్స్ కూడా 1979. బేస్ ముందుంటుంది, స్నేర్‌కి ఎకో ఉంటుంది. నా లెక్కలో అది డబ్బే.

లూటన్_లావణ్య
బేస్ ముందుంటుంది కానీ కింద ఉండదు కదా. వాళ్ల బేసిస్టు పీటర్ హుక్ సన్న తీగల మీద, మెడ గిటార్ ఒంటిని కలిసే వైపు, పై స్వరాల్లో రాగం వాయిస్తాడు. తన ఆంప్ నాసిరకం కావడంతో కింది స్వరాలు వాయిస్తే తనకే వినపడేది కాదని ఆయనే చెప్పాడు. నేలగా ఉండే బేస్ కాదది, పాడే బేస్.

వైజాగ్_వేణు
బేస్ సంగతి వదిలెయ్ అక్కా. ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్ వాయిద్యాల్ని ఒకదానికొకటి దూరం జరిపాడు, డ్రమ్స్ మీద డిలే ఆడించాడు. ఖాళీని వాయిద్యంగా వాడటం డబ్ కాకపోతే మరేంటి?

టేపుచుట్ట
హానెట్ వాడింది ఏఎమ్ఎస్ డిజిటల్ డిలే. స్నేర్ మీద చాలా తక్కువ మిల్లీసెకన్లు. అది దెబ్బని తిరిగి వినిపించదు, దెబ్బ చుట్టూ ఒక గదిని కడుతుంది. టబ్బీ ఎకో పాటలో మళ్లీ పడే దెబ్బ, తాళంలో లెక్కకొస్తుంది. నాకు ఆ రెండూ వేరు వేరు ఆలోచనలు.

వైజాగ్_వేణు
పనిముట్టు వేరు, ఆలోచన ఒకటే అంటాను. ఇక్కడ కలవం మనం.

మూడోతీగ
ఎకో తాళంలో లెక్కకొస్తుందన్నారు కదా సార్. మరి నా 500?

టేపుచుట్ట
నిమిషానికి ఉండే 60,000 మిల్లీసెకన్లని పాట వేగంతో భాగించు. 75కి 800 వస్తుంది, అది ఒక దెబ్బ. దాంట్లో సగం 400, ముప్పావు 600. నీ 500 ఈ మూడింటిలో దేని మీదా పడటం లేదు. ప్రతి ఎకో నీ డ్రమ్మర్ తప్పు కొట్టినట్టు వినిపిస్తుంది. ముందు 600 పెట్టి చూడు, దెబ్బల మధ్యలో అల్లుకుపోతుంది. తర్వాత చెవితో కొంచెం అటూ ఇటూ జరుపు, అచ్చంగా అంకె మీదే ఉంటే బిగుసుకున్నట్టు ఉంటుంది.

మా రోజుల్లో జరపడానికి అంకెలే లేవు. టేపు మెషీన్‌లో రాసే హెడ్‌కీ చదివే హెడ్‌కీ మధ్య రెండు అంగుళాలు అనుకో. టేపు సెకనుకి 15 అంగుళాలు నడిస్తే ఎకో 133 మిల్లీసెకన్లకి వస్తుంది, ఏడున్నర అంగుళాలకి తగ్గిస్తే 267కి. ఆ వచ్చినదాన్ని మళ్లీ రాసే హెడ్‌కి కొంచెం పంపితే మళ్లీ మళ్లీ మోగుతుంది. కొంచెం ఎక్కువ పంపితే ఊళ వేస్తుంది, ఫేడర్ మీద వేలు తీయకూడదు.

ముఖ్యమైంది ఇదే. టేపు తిరిగిన ప్రతిసారీ పై స్వరాలు కొన్ని రాలిపోతాయి. మొదటి ఎకో కంటే రెండోది మసక, మూడోది ఇంకా మసక. అందుకే అవి వెనక్కి వెళ్తున్నట్టు ఉంటాయి. నీ ప్లగిన్‌లో ఐదో ఎకో కూడా మొదటి దానంత మెరుస్తూ ఉంటే అన్నీ ముందే నిలబడతాయి. ఫీడ్‌బ్యాక్ దారిలో ఫిల్టర్ ఉంటే 3,000 హెర్ట్జ్ పైన కోసెయ్. కింద 300 దగ్గర కూడా కోసెయ్.

కోనసీమ_క్యాసెట్
కింద కోసేది టబ్బీ కూడా చేసేవాడు కదా? డైనమిక్ సౌండ్స్ స్టూడియో వదిలించుకున్న ఎంసీఐ బల్ల కొన్నాడు, దాని మీద పెద్ద నాబ్ ఒకటి ఉండేది. తిప్పుకుంటూ పోతే శబ్దం కింది నుంచి సన్నబడుతూ పోతుంది. ఆ కిచకిచ ఆయన సంతకమే.

మూడోతీగ
మూడు రోజుల తర్వాత. బేస్ మీద ఎకో పూర్తిగా తీసేశాను. టోన్ నాబ్ దించి, బ్రిడ్జి దగ్గర తీగల కింద స్పాంజి ముక్క పెట్టి, బొటనవేలితో మెడ దగ్గర వాయించి మళ్లీ రికార్డు చేశాను (పద్మజగారి స్పాంజి ఇలా పనికొచ్చింది). స్వరం మోగి వెంటనే ఆగుతోంది, తర్వాతి దానికి చోటు మిగులుతోంది. గిటార్ 200 కింద కోశాను. డిలే విడి చానెల్‌లో, 600 కంటే 610 దగ్గర బాగుంది. పాట మొత్తంలో గొంతు పదకొండు చోట్ల, స్నేర్ నాలుగు చోట్ల మాత్రమే పంపాను. తొమ్మిదో ప్రయత్నానికి కుదిరింది. బేస్ ఫేడర్ మొదటి కంటే మూడు డెసిబెల్స్ తగ్గించి ఉంది, అయినా పెద్దగా వినిపిస్తోంది.

పద్మజ_కె
చాలా సంతోషం బాబూ. పాట ఇక్కడ పెట్టండి, మా తమ్ముడికి వినిపిస్తాను.

కరీంనగర్_సౌండ్స్
నాకు పంపిండు, నిన్న రాత్రి నా గోడౌన్ల పెద్ద బాక్సుల మీద ఏసిన. బేస్ మంచిగొచ్చింది, రేకు తలుపు గలగలమన్నది. ఒక్కటే లొల్లి. మొదటి దెబ్బ కాడ కిక్కూ బేసూ ఒక్కతాన పడ్తున్నయ్, బాక్సు ఊపిరాడనట్టు జేస్తది. ఇంట్ల చిన్న స్పీకర్ల మీద గది నీకు తెల్వది.

లూటన్_లావణ్య
మోహన్‌గారి ప్రశ్నే మళ్లీ వచ్చింది చూడండి. మీ డ్రమ్మర్ ఆ మొదటి దెబ్బ వదిలేయగలడా?

మూడోతీగ
అడిగాను అక్కా. కిక్ లేకపోతే చెయ్యి తడబడుతోందంటున్నాడు. ఆదివారం ప్రాక్టీసులో కిక్ పెడల్ తీసేసి వాయించమంటాను, తర్వాత మూడో దెబ్బకి తెస్తాం. కుదరకపోతే నేనే మొదటి దెబ్బ వదిలేసి బేస్ మళ్లీ రికార్డు చేస్తాను. అన్నా, గోడౌన్ వచ్చే వారం ఖాళీయేనా?

కరీంనగర్_సౌండ్స్
బుధవారం దాకా ముహూర్తాల్లేవ్. పట్టుకొని రా.